ట్రంకుపెట్టె మూత తెరిచిందెవరు?

రేడియో నాటిక రాయడానికి కొత్తగా కూర్చున్నవాళ్లు మొదటి పేజీ పైన ‘ధ్వని: వర్షం’ అని రాసి నిశ్చింతగా రెండో వాక్యానికి వెళ్లిపోతారు. ఆ మాట రాయగానే రాసేవాడి కళ్ల ముందు వాన పడుతుంది. వినేవాడికి మాత్రం పడదు. రికార్డు చేసిన వాన చప్పుడు స్పీకర్లోంచి వచ్చేటప్పటికి బాణలిలో గారెలు వేగుతున్నట్టుంటుంది. ఇంకొకరికి దూరంగా జనం చప్పట్లు కొడుతున్నట్టుంటుంది. స్టేషన్ సరిగా తగలని రేడియో కూడా అలాగే గరగరలాడుతుంది. మోత మోతలో కలిసిపోయి, విడిగా పోల్చుకోవడానికి ఏ చప్పుడూ మిగలని శబ్దాలివి. కళ్లు తోడుంటే తికమక ఉండదు. ఆ తోడు లేనప్పుడు చాలా చప్పుళ్లు తామేమిటో తాము చెప్పుకోలేవు.

ఈ సంగతి తెలియగానే కొందరు రెండో తప్పులోకి దూకుతారు. చప్పుడు చెప్పలేనిదంతా పాత్రల చేత చెప్పించేస్తారు. ఒక దృశ్యం తీసుకుందాం. పాత పెంకుటిల్లు, అర్ధరాత్రి, వాన, కరెంటు పోయింది. తల్లి మంచం మీద పడుకుంది. కొడుకు శీను ఆమెకు తెలియకుండా ట్రంకుపెట్టెలోంచి పొలం కాగితాలు తీస్తున్నాడు. మొదటి ప్రతిలో ఇది సాధారణంగా ఇలా వస్తుంది:

శీను: అబ్బ, ఎంత వాన! కరెంటు కూడా పోయింది. అమ్మ గాఢంగా నిద్రపోతోంది. ఇదిగో ట్రంకుపెట్టె. మెల్లిగా మూత తీస్తాను. ఆఁ, పొలం కాగితాలు ఇవే!

వినేవాడికి అంతా అర్థమవుతుంది, ఏదీ నమ్మబుద్ధి కాదు. దొంగతనానికి వచ్చినవాడు క్రికెట్ వ్యాఖ్యానం చెప్పడు కదా! పైగా ఇక్కడ చప్పుడుకి పనే లేదు. ఎఫెక్టులన్నీ తీసేసి చదివినా ఇంతే తెలుస్తుంది.

ఇదే దృశ్యాన్ని మళ్లీ రాద్దాం. ముందు వాన సంగతి. ఇల్లు పాతది కాబట్టి పెంకుల సందులోంచి కారుతుంది. కారినచోట స్టీలు గిన్నె పెట్టి ఉంటారు. ఖాళీ గిన్నెలో చుక్క పడితే ‘టంగ్’ మంటుంది. ఆ ఒక్క చప్పుడు చేరగానే వెనకాల ఉన్న గరగర వాన అయిపోతుంది, ఎవరూ నోరు విప్పక్కర్లేదు. ఇల్లు కారుతోందనీ, బాగుచేయించే స్తోమత వీళ్లకు లేదనీ కూడా తెలిసిపోతుంది. వాన మోత పరుచుకున్న చప్పుడు, చుక్క విడిగా నిలబడే చప్పుడు. ఎక్కడున్నామో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ రెండూ కావాలి: వెనకాల సాగుతూ ఉండేది ఒకటి, దగ్గరలో దాని పేరు చెప్పేది ఒకటి. రైల్వే స్టేషన్‌కి జనం గోల సరిపోదు, టీ అమ్మే కుర్రాడి కేక కూడా ఉండాలి.

ఇప్పుడు స్క్రిప్టు:

ధ్వని: పెంకుల మీద వాన. దగ్గరగా, ఖాళీ స్టీలు గిన్నెలో చుక్క: టంగ్. కాస్త విరామం. టంగ్. వాన వెనక్కి తగ్గి సాగుతూ ఉంటుంది.

ధ్వని: (దగ్గరగా) గడియ ఊడిన చిన్న చప్పుడు. ఇనుప మూత కిర్రుమంటూ సగంలో ఆగుతుంది. కాగితాల గలగల.

ధ్వని: (దూరంగా) నులకమంచం కదిలిన చప్పుడు.

తల్లి: (దూరంగా) ఎవరది? శీనూ?

ధ్వని: టంగ్.

శీను: (దగ్గరగా, గొంతు తగ్గించి) నేనేనమ్మా. గిన్నె నిండిందేమో, పారబోద్దామని లేచా.

తల్లి: నిండలేదురా. ఇంకా టంగుమంటోంది.

ధ్వని: విరామం. టంగ్.

తల్లి: పెట్టె మూత మెల్లిగా వెయ్యి. వేళ్లు నలుగుతాయి.

ఇందులో శీను ఏం చేస్తున్నాడో ఎవరూ వర్ణించలేదు. అతను నోరు తెరిచి అబద్ధమాడాడు. అది అబద్ధమని మనకు తెలుసు, ఎందుకంటే అంతకు ముందే మనం మూత చప్పుడు విన్నాం. మాట ఒకటి చెబుతుంటే చప్పుడు ఇంకోటి చెప్పడం రేడియో బాగా చేయగల పని. రెండూ ఒకటే చెబితే ఒకటి దండగ.

అయితే ఒక చిక్కుంది. ట్రంకుపెట్టె మూత కిర్రుమంటే తలుపు తెరిచినట్టే ఉంటుంది. శీను బయటికి పోతున్నాడనో, ఎవరో లోపలికి వచ్చారనో అనుకోవచ్చు. కాగితాల గలగల కొంత సాయం చేస్తుంది గానీ పూర్తిగా కాదు. అసలు పేరు తల్లి నోటి నుంచి చివర్లో వస్తుంది: ‘పెట్టె మూత.’ చప్పుడు ముందు వచ్చి పేరు తర్వాత వస్తే, ఆ మధ్యలో వినేవాడు ‘అదేమిటి?’ అనుకుంటూ చెవి పెట్టి వింటాడు. ముందే పేరు చెప్పేస్తే చప్పుడు అలంకారంగా మిగిలిపోతుంది. కానీ ఈ ఎడం సెకన్లలో ఉండాలి. నిమిషాలకు సాగితే అతను ఆ చప్పుడునే మరిచిపోతాడు. పుస్తకంలోలా వెనక్కి తిప్పి చూసుకోవడం ప్రసారంలో కుదరదు.

తల్లి ఆ మాట అనడానికి తనదైన కారణం ఉండటం కూడా గమనించండి. ఆమె మనకోసం వివరణ ఇవ్వడం లేదు. ‘నాకు తెలుసు’ అని కొడుక్కి చెబుతోంది, కోపం లేకుండా. చీకట్లో పడుకున్న ఆ మనిషికీ రేడియో ముందు కూర్చున్న మనకూ ఉన్న ఆధారాలు ఒకటే: చెవులు. అందుకే కరెంటు పోయిందని పెట్టాను. ఇది నా కనిపెట్టుడేమీ కాదు. 1924 జనవరిలో బీబీసీ ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూజ్ నాటిక ‘డేంజర్’ వేల్స్‌లోని బొగ్గుగనిలో దీపాలు ఆరిపోవడంతో మొదలవుతుంది. గని చూడటానికి వచ్చిన ముగ్గురు ఆ చీకట్లో చిక్కుకుంటారు, లోపలికి నీళ్లు వస్తుంటాయి. పాత్రలకు ఏమీ కనిపించదు కాబట్టి వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా సహజంగా ఉంటుంది. ప్రత్యేకంగా రేడియో కోసమే రాసిన నాటికల్లో మొదటివాటిగా దాన్ని చెబుతారు. ప్రతి నాటికలోనూ కరెంటు తీసేస్తే మాత్రం నవ్వులపాలవుతాం.

కొత్తవాళ్లు బ్రాకెట్లలోని ‘దగ్గరగా’, ‘దూరంగా’ అన్న మాటల్ని నటులకిచ్చే చిన్న సూచనలనుకుని దాటేస్తారు. నా లెక్కలో స్క్రిప్టు మొత్తంలో ఇంతకన్నా పెద్ద నిర్ణయం లేదు. పై దృశ్యంలో పెట్టె, శీను గొంతు మైకు పక్కనే ఉన్నాయి, తల్లి అవతల ఉంది. కాబట్టి మనం శీను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాం. మంచం కదలగానే మన గుండె కూడా ఝల్లుమంటుంది. ఇప్పుడు ఒక్క అక్షరం మార్చకుండా మైకుని మంచం దగ్గర పెట్టండి. మొదట వినిపించేది తల్లి ఊపిరి. ఎక్కడో గది చివర గడియ ఊడిన చప్పుడు, సగంలో ఆగిన కిర్రు. తర్వాత శీను గొంతు దూరం నుంచి, గోడలకు తగిలి కాస్త పల్చబడి. ఇందాకటిది పట్టుబడతాడేమోనన్న కథ, ఇప్పటిది కన్నకొడుకేనా అన్న కథ. గిన్నెను ఎవరి దగ్గర పెట్టాలో కూడా దీన్నిబట్టే తేల్చుకోవాలి. మైకు ఎవరి పక్కన ఉందో తేల్చుకోకుండా సంభాషణలు మొదలుపెడితే, పాత్రలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. చాలా నాటికల్లో నాకు వినిపించే లోపం అదే.

ఇక దృశ్యంలోని బరువు సంగతి. ఇక్కడ వేణువో వయొలినో పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. పెడితే తల్లి మనసులో ఏముందో సంగీతం ముందే చెప్పేస్తుంది, మనం ఊహించడానికి ఏమీ మిగలదు. అలాగని నిశ్శబ్దం రాసినా జాగ్రత్త కావాలి. అన్ని చప్పుళ్లూ ఒక్కసారి ఆగిపోతే వినేవాడు స్టేషన్ పోయిందనుకుంటాడు, ఫోన్లో వింటుంటే నెట్ ఆగిందనుకుంటాడు. నిశ్శబ్దం తెలియాలంటే అందులో ఒక చిన్న చప్పుడు బతికి ఉండాలి. ‘విరామం. టంగ్.’ అన్నచోట ఉన్నది అదే. ఆ రెండు మూడు సెకన్లలో శీను జవాబు వెతుక్కుంటున్నాడు, తల్లి ఎదురుచూస్తోంది.

గిన్నె ఇంకో పని కూడా చేస్తుంది. నీళ్లు చేరేకొద్దీ చుక్క చప్పుడు మారుతుంది: టంగుమనేది టుప్పుమంటుంది. వాన తగ్గిస్తూ పోయి, మళ్లీ పెంచి, ఈసారి ‘టుప్’ వినిపిస్తే ‘రెండు గంటల తర్వాత’ అని ఎవరూ ప్రకటించనక్కర్లేదు. తర్వాత నీళ్లు అంచు దాటి నేల మీద కారితే, పారబోస్తానన్నవాడు పారబోయలేదన్నమాట. శీను వెళ్లిపోయాడు.

వెళ్లిపోయాడని నిజంగా తెలుస్తుందా? ఇక్కడే పప్పులో కాలు వేస్తాం. రేడియోలో మౌనంగా ఉన్న మనిషికీ అసలు లేని మనిషికీ తేడా లేదు. శామ్యూల్ బెకెట్ 1956లో బీబీసీ కోసం రాసిన ‘ఆల్ దట్ ఫాల్’ లో దీని మీద ఒక చమత్కారం ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడుకుంటూ తనని పట్టించుకోకపోతే, మాట్లాడనంత మాత్రాన నేనిక్కడ లేననుకోకండని మిసెస్ రూనీ అభ్యంతరం చెబుతుంది. పాత్ర తరఫునా, రేడియో తరఫునా ఒకేసారి పలికిన మాట అది. కాబట్టి మన దృశ్యంలో నీళ్లు పొర్లిపోయాక తల్లి ఒకసారి ‘శీనూ’ అని పిలవాలి. జవాబు రాకూడదు. పిలుపు లేకపోతే లేకపోవడం వినిపించదు. దానికి విరుద్ధంగా, గదిలో ఉండి మాట్లాడని పాత్రను బతికించాలంటే అప్పుడప్పుడూ గాజుల చప్పుడో, చిన్న దగ్గో ఇవ్వాలి. అందుకే ఒక దృశ్యంలో ముగ్గురు నలుగురికి మించి మనుషుల్ని పెట్టకపోవడం మంచిది. ఒకే వయసు మగగొంతులు రెండుంటే ఎవరు ఎవరో తేల్చుకోవడంలోనే వినేవాడి ఓపిక అయిపోతుంది.

ఏ చప్పుడు మీద కథ ఆధారపడిందో అది చిన్న స్పీకర్లో కూడా పలకాలి. ఫోన్ స్పీకర్లు మంద్రమైన శబ్దాలను సరిగా పలికించలేవు. ఉరుము, బరువైన అడుగులు, దూరపు లారీ వాటిలో సగం మాయమవుతాయి. స్టీలు గిన్నెలో చుక్క అలా పోదు. కథ మలుపు ఉరుము మీద పెట్టుకున్నవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి.

స్క్రిప్టు పూర్తయ్యాక కథ తెలియని ఒకరిని పట్టుకోండి. ఇద్దరు స్నేహితుల చేత చదివించి, గిన్నె, పెట్టె, మంచం చప్పుళ్లు ఇంట్లో ఉన్నవాటితోనే చేయించి, ఫోన్లో రికార్డు చేయండి. స్క్రిప్టు చూపించకుండా అది వినిపించి మూడు ప్రశ్నలడగండి: ఎక్కడ జరిగింది? ఎవరెవరు ఉన్నారు? శీను ఏం చేస్తున్నాడు? అతను తడబడిన చోట మీరు వివరణ ఇవ్వడానికి నోరు తెరవకండి. ప్రసారమయ్యాక ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పిరాలేరు కాబట్టి, ఆ చోటు గుర్తుపెట్టుకుని స్క్రిప్టులోనే దిద్దండి.