ధన్యవాదాల ఉత్తరాన్ని తిరగరాస్తే

చాలా ఆఫీసుల్లో పెద్ద పని ఒకటి గట్టెక్కిన మర్నాడు ఇలాంటి ఉత్తరం వస్తుంది:

“ప్రియమైన బృంద సభ్యులకు, ఎన్నో సవాళ్ల నడుమ ప్రాజెక్టును విజయవంతంగా పూర్తి చేసినందుకు అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ అంకితభావం, కఠోర శ్రమ, కుటుంబాలను సైతం పక్కనపెట్టి మీరు చేసిన త్యాగం అభినందనీయం. ఇదే స్ఫూర్తితో ముందుకు సాగుదాం.”

రాసినవాళ్లు మనస్ఫూర్తిగానే రాసి ఉండొచ్చు. కానీ దీన్ని వంతెన కట్టినవాళ్లకూ పంపొచ్చు, పరీక్ష పేపర్లు దిద్దినవాళ్లకూ పంపొచ్చు. రెండు మూడు వారాలు నిద్ర లేకుండా పనిచేసిన మనిషి ఇది చదివి, తను ఏం చేశాడో పైవాళ్లకు తెలియదనే అనుకుంటాడు. ఆ అనుమానం తీర్చలేని ఉత్తరం ఎంత తియ్యగా ఉన్నా ఉపయోగం లేదు.

దీన్ని ఎలా తిరగరాయాలో చూడటానికి ఒక ఆస్పత్రిని ఊహించుకుందాం. జిల్లా కేంద్రంలో ఉన్న మధ్యస్థాయి ప్రైవేటు ఆస్పత్రి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టాలి. శనివారం రాత్రి పాతది ఆపి, సోమవారం ఉదయం ఓపీ మొదలయ్యేలోపు రోగుల వివరాలు, మందుల స్టాకు, కట్టాల్సిన బిల్లులు అన్నీ కొత్తదాంట్లోకి మార్చాలి. ఈలోపు ఎమర్జెన్సీ, వార్డులు ఆగవు కాబట్టి అక్కడ బిల్లులు చేత్తో రాయాలి. పని పూర్తయింది. అందరూ అలసిపోయారు, కొందరు కోపంగానూ ఉన్నారు. పైన చూసిన ఉత్తరం అడ్మినిస్ట్రేటర్ రాసుకున్న మొదటి ప్రతి.

తిరగరాయడం వాక్యాలు సానబెట్టడంతో మొదలు కాదు, సమాచారం సేకరించడంతో మొదలవుతుంది. మొదటి ప్రతి డొల్లగా ఉండటానికి కారణం భాష రాకపోవడం కాదు, రాసే మనిషి చేతిలో వివరాలు లేకపోవడం. అవి దొరికే చోట్లు మామూలివే. ఆ రెండు రోజుల వాట్సాప్ గ్రూపు మెసేజీలు, సమస్యలు నమోదు చేసుకున్న ఫైలు, డ్యూటీ చార్టు. అవి చూశాక ఒక్కో విభాగంలో ఒకరిని పిలిచి రెండు ప్రశ్నలు అడగాలి. “మీవాళ్లలో ఎవరు ఏం చేయకపోయి ఉంటే సోమవారం ఇబ్బంది పడేవాళ్లం?” “ఎవరూ గమనించని పని ఎవరు చేశారు?” రెండో ప్రశ్నకు వచ్చే జవాబులే ఉత్తరానికి ప్రాణం. చెడిపోయినదాన్ని బాగుచేసినవాళ్లు అందరికీ కనిపిస్తారు. చెడిపోకముందే ఆపినవాళ్ల పని బయటికి కనిపించదు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగలేదు కదా.

మన ఆస్పత్రిలో అడిగితే రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది రికార్డుల సెక్షన్‌లో. పాత సాఫ్ట్‌వేర్‌లో ఒకే మనిషి రెండు నంబర్ల మీద నమోదై ఉన్నారు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషులో ఒకసారి ‘కేఎస్‌హెచ్’తో, ఇంకోసారి ‘ఎక్స్’తో రాయడం లాంటివే కారణం. పేర్లు దగ్గరగా ఉన్నవన్నీ కంప్యూటర్‌తో ఒకేసారి కలిపేద్దామని అడ్మినిస్ట్రేటర్ అన్నారు. రికార్డుల గుమస్తా ఒప్పుకోలేదు. ఒకే పేరున్న అత్తాకోడళ్లు ఒకే ఫోన్ నంబరు ఇచ్చిన ఇళ్లున్నాయనీ, వాళ్ల రిపోర్టులు కలిసిపోతే ప్రమాదమనీ చెప్పి, పుట్టిన తేదీ కూడా సరిపోయినవాటినే కలిపారు. మిగిలినవాటిని విడిగా ఉంచి జాబితా రాశారు.

రెండోది ఫార్మసీలో. మందు పెట్టె మీద గడువు తేదీ నెల, సంవత్సరంగా ఉంటుంది. 05/27 అంటే 2027 మే. స్టాకు జాబితాను ఎక్సెల్‌లో తెరిచినప్పుడు, ఆ కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి తేదీలు పెట్టి ఉండటంతో, అది ఈ ఏడాది మే 27 అయిపోయింది. కిందటి నెల కొన్న మందులు కూడా గడువు తీరినట్టు చూపిస్తున్నాయని రాత్రి షిఫ్టులో ఉన్న ఫార్మసిస్టు కనిపెట్టారు. ఆదివారం పగలంతా ఆవిడ, మరో ఇద్దరు ర్యాకుల ముందు నిలబడి పెట్టెలతో సరిచూశారు.

ఇప్పుడు మొదటి ప్రతిని మళ్లీ చదివితే ప్రతి మాటా ఏం దాస్తోందో తెలుస్తుంది. “అంకితభావం” అన్నచోట అత్తాకోడళ్ల సంగతి ఉండాలి. “కఠోర శ్రమ” అన్నచోట మందుల ర్యాకులు ఉండాలి. గుణం పేరు చెప్పే బదులు ఆ గుణం బయటపడిన పని చెబితే చాలు, గుణమేమిటో చదివేవాళ్లకే అర్థమవుతుంది.

నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయంలో శారా ఆల్గో, ఆమె సహచరులు 2016లో వెలువరించిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే తీరును వాళ్లు గమనించారు. కృతజ్ఞతలో రెండు పాళ్లుంటాయి. నీవల్ల నాకు ఇంత మేలు జరిగిందనడం ఒకటి, నువ్వు చేసింది ఇలాంటి మంచి పని అనడం మరొకటి. అవతలి మనిషిని మెచ్చుకునే ఆ రెండో పాలే వినేవాళ్ల మనసుకు ఎక్కువగా తాకిందని వాళ్లు చూశారు. వాళ్లు పరిశీలించింది ఆఫీసులను కాదు. అయినా మేనేజర్ల ఉత్తరాలు ఎక్కడ జారతాయో ఇది చూపిస్తుందని నాకనిపిస్తుంది. “ప్రాజెక్టు విజయవంతమైంది” అన్నది సంస్థకు కలిగిన లాభం. అక్కడే ఆగితే పనిచేసిన మనిషి వెనకబడిపోతాడు.

వత్తిడి తర్వాత రాసే ఉత్తరంలో ఇంకో చిక్కు ఉంది. “ఎన్నో సవాళ్ల నడుమ” అంటే ఆ సవాళ్లు వానలా పైనుంచి పడ్డట్టు వినిపిస్తుంది. గడువు తేదీ ఎవరో ఒకరు పెట్టిందే. మన ఉదాహరణలో డేటా మార్చి చూసే రిహార్సల్‌కు రెండు వారాలు అనుకుని, పాత కంపెనీ ఒప్పందం ముగుస్తోందని నాలుగు రోజులకు కుదించారు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఉత్తరం దాన్ని దాటేస్తే మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. ఒక్క వాక్యంలో ఉన్నదున్నట్టు చెప్పి ముందుకు వెళ్లాలి. పేరా నిండా సంజాయిషీ రాస్తే అది కృతజ్ఞత కాకుండా పోతుంది, చదివేవాళ్లు రాసినవాళ్లను ఓదార్చాల్సి వస్తుంది.

“కుటుంబాలను పక్కనపెట్టి చేసిన త్యాగం” పూర్తిగా తీసేయాల్సిన మాట. చిన్నబిడ్డ ఉండి సమయానికి ఇంటికెళ్లిన నర్సుకు అది మందలింపులా తగులుతుంది. ఉండిపోయినవాళ్లకు మళ్లీ ఉండిపోవాలన్న కొలత పెడుతుంది. “ఇదే స్ఫూర్తితో ముందుకు సాగుదాం” కూడా అంతే. అలసిన మనిషికి అది ఇంకోసారి ఇలాంటిదే రాబోతోందన్న కబురు.

ఇవన్నీ సవరించాక ఉత్తరం ఇలా ఉంటుంది. ఇక్కడ మనుషులను వాళ్ల పనిని బట్టి పిలిచాను, అసలు ఉత్తరంలో పేర్లే ఉండాలి.

“అందరికీ నమస్కారం. సోమవారం ఓపీ కౌంటర్లు సమయానికే తెరిచాం. మొదటి గంట క్యూ గేటు దాకా వెళ్లింది, కానీ ఎవరినీ రేపు రమ్మని పంపలేదు. అది ఎవరివల్ల సాధ్యమైందో అందరికీ తెలియాలని రాస్తున్నాను.

శనివారం రాత్రి రెండేసి నంబర్లున్న రికార్డులను ఒకేసారి కలిపేద్దామని నేనన్నాను. రికార్డుల గుమస్తా గారు వద్దని, ఎందుకు వద్దో ఉదాహరణలతో చూపించారు. పుట్టిన తేదీ సరిపోయినవే కలిపారు. ఆయన ఆపకపోయి ఉంటే ఒకరి రిపోర్టు ఇంకొకరి ఫైలులో చేరేది.

మందుల గడువు తేదీలు తప్పుగా వచ్చాయని ఫార్మసిస్టు గారు రాత్రి రెండింటికి గుర్తించారు. ఆదివారం పగలంతా ఆవిడ, ఇద్దరు సహాయకులు ర్యాకుల దగ్గర ప్రతి పెట్టే తీసి చూశారు. ఎమర్జెన్సీలో నర్సులు చేత్తో రాసిన బిల్లులు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఎక్కించేటప్పుడు ఒక్కదాని గురించీ ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు.

రిహార్సల్‌కు అనుకున్న రెండు వారాలను నాలుగు రోజులకు కుదించిన నిర్ణయం నాది. ఆ భారం మీ మీద పడింది. ఆ రెండు రాత్రులు డ్యూటీ చేసినవాళ్లకు కాంప్ ఆఫ్ మంజూరైంది, ఈ నెలాఖరులోపు మీకు వీలైన రోజు మీ ఇన్‌చార్జికి చెప్పండి. మీ అందరికీ నా కృతజ్ఞతలు.”

ఇందులో పొగడ్త మాటలు దాదాపు లేవు. గుమస్తా తనను ఆపారని అడ్మినిస్ట్రేటర్ చెప్పడమే పెద్ద మెప్పు. సెలవు సంగతి మంజూరయ్యాకే రాశారు. “తగిన విధంగా పరిశీలిస్తాం” లాంటి మాట కంటే ఆ వాక్యమే లేకపోవడం మేలు.

పంపేముందు, అక్కడ ఉన్న ఒకరికి చూపించి నిజాలు సరిచూసుకోవాలి. ఒకరు చేసిన పనిని ఇంకొకరి పేరున రాయడం కంటే పాత డొల్ల ఉత్తరమే నయం. తేదీల తప్పు ఎవరి కంప్యూటర్‌లో జరిగిందో రాయకూడదు. ఒకరు ఇంట్లో తండ్రికి బాగోలేకపోయినా వచ్చారన్న సంగతి తెలిస్తే, అది ఆ మనిషికి విడిగా చెప్పాల్సిన మాట, నలుగురిలో పెట్టేది కాదు. పేర్లు పది పన్నెండు దాటితే ఉత్తరం హాజరుపట్టీ అయిపోతుంది. అప్పుడు అందరికీ పంపేదాంట్లో విభాగాల పని రాసి, ఒక్కొక్కరికీ రెండేసి వాక్యాలు విడిగా పంపడం మంచిది.

ఇంత సరిచూస్తూ పోతే ఉత్తరం ఎప్పటికీ బయటికి రాదన్న భయమూ ఉంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కృతజ్ఞతా లేఖలు రాసినవాళ్లు తమ మాటలు సరిగ్గా కుదిరాయా, అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందా అని అవసరానికి మించి బెంగపడ్డారు. అందుకున్నవాళ్లకు కలిగిన సంతోషం రాసినవాళ్లు ఊహించినదానికంటే ఎక్కువ, ఇబ్బంది తక్కువ. కాబట్టి గట్టిగా పట్టుకోవాల్సింది నిజాలను. వాక్యం కాస్త మొరటుగా ఉన్నా ఫరవాలేదు, వారంలోపు పంపేయాలి.

ఎలా పంపాలన్నదీ చూసుకోవాలి. ఈమెయిల్ పెడితే ఫార్మసీ సహాయకులకు, రాత్రి కాపలావాళ్లకు, వార్డు ఆయాలకు చేరదు, వాళ్లలో చాలామందికి ఆఫీసు మెయిల్ ఉండదు. ఒక ప్రతి ప్రింటు తీసి డ్యూటీ చార్టు పక్కన అంటించాలి. షిఫ్టు మారేటప్పుడు ఇన్‌చార్జి దాన్ని ఒకసారి బిగ్గరగా చదివి వినిపిస్తే ఇంకా మంచిది. ట్రస్టు సభ్యులకో, యాజమాన్యానికో ప్రతి వెళ్తుంటే ఆ సంగతి ఉత్తరంలోనే చెప్పాలి. వద్దన్నందుకే మెచ్చుకోలు పొందిన ఆ గుమస్తాకు, తన పేరు పైవాళ్లు కూడా చదువుతున్నారని తెలియాలి.