గోడౌన్‌లో బస్తాలు, కంప్యూటర్‌లో మైనస్

కొట్టులో బియ్యం బస్తాలు కళ్లెదుట ఉంటాయి. బిల్లింగ్ కుర్రాడు కంప్యూటర్ తెరిస్తే స్టాక్ మైనస్ ఆరు అని చూపిస్తుంది. లేని సరుకు అమ్మడం ఎవరివల్లా కాదు కాబట్టి ఇక్కడ తప్పు సరుకులో లేదు, రాతలో ఉంది. అమ్మకం ముందు ఎక్కింది, కొనుగోలు ఇంకా ఎక్కలేదు. లేదంటే వేరే చోట ఎక్కింది.

ఎక్కువగా జరిగేది ఇదే. ఒక హోల్‌సేల్ కొట్టులో 26 కిలోల సోనామసూరి బస్తాలు నాలుగు ఉన్నాయనుకుందాం, ఒక్కోటి 1,300 రూపాయలకు కొన్నవి. మూడో తేదీ పొద్దున మిల్లు నుంచి మరో 20 బస్తాలు 1,400 చొప్పున దిగాయి. ఆ రోజే పది అమ్ముడయ్యాయి. మిల్లు బిల్లు మాత్రం డ్రైవర్ చేతి నుంచి గుమాస్తా టేబుల్ మీదికి చేరి, అయిదో తేదీన, ఆ తేదీతోనే కంప్యూటర్‌లోకి ఎక్కింది. మూడున మైనస్ ఆరు కనిపించింది, అయిదున 14 అయింది. గోడౌన్‌లోనూ 14 ఉన్నాయి. అంతా సర్దుకుందని యజమాని ఊరుకుంటాడు.

సంఖ్య సర్దుకుంది కానీ డబ్బు సర్దుకోలేదు. అమ్మకం ఎక్కిన క్షణాన ఉన్న సగటు ధరతో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఆ పది బస్తాలకూ పాత ధర 1,300 వేసేసింది. మైనస్ ఆరు బస్తాల విలువ మైనస్ 7,800 అయింది. తర్వాత వచ్చిన 28,000 నుంచి అది పోగా మిగిలిన 20,200ను 14తో భాగిస్తే బస్తా దాదాపు 1,443 పడుతుంది. ఆ కొట్టు ఏ బస్తానూ 1,400 కంటే ఎక్కువ పెట్టి కొనలేదు! కొనుగోలు మూడునే ఎక్కి ఉంటే సగటు 1,383 వచ్చేది, నిల్వ విలువ 833 రూపాయలు తక్కువ ఉండేది. అంటే ఆ రోజు అమ్మకాల మీద అంత లేని లాభం కనిపించింది. కొన్న ధరలన్నిటినీ మించి సగటు ధర కనిపిస్తే, వెనక ఎక్కడో మైనస్ దాటివచ్చిందేమో చూడాలి.

రెండో కారణం మన బియ్యం కొట్లకు బాగా తెలిసినదే. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో 26 కిలోల బస్తాలు మార్కెట్‌ను నింపాయి. కంప్యూటర్‌లో ఒకే రకం రెండు పేర్లతో ఉంటుంది. తొందరలో కుర్రాడు 26కి బదులు 25 నొక్కితే ఒకటి మైనస్‌లోకి పోతుంది, రెండోది అంతే మేర మిగులు చూపిస్తుంది. ఈ తప్పును కేవలం స్టాక్ సర్దుబాటుతో కప్పేయకూడదు. బిల్లులో పన్ను కూడా తప్పుపడింది కాబట్టి ఆ బిల్లునే పద్ధతి ప్రకారం సరిచేయాలి.

సరిదిద్దేటప్పుడు చాలామంది చేసే పని, మైనస్ ఎంతుందో అంత సరుకు ఎక్కించేయడం. ఇది అన్నిటికంటే చెడ్డది. రేపు అసలు బిల్లు ఎక్కగానే స్టాక్ అంత మేర ఎక్కువ చూపిస్తుంది. ట్యాలీలో అయితే Negative Stock రిపోర్టు తెరిచి, ఆ సరుకు రోజువారీ లెక్కలోకి వెళ్లి, మొదటిసారి సున్నా కిందికి దిగిన రోజు పట్టుకోండి. ఆ రోజు చుట్టుపక్కల ఎక్కని కొనుగోలు, తప్పు తేదీ, తప్పు పేరు, పెట్టెల బదులు ప్యాకెట్లు ఎక్కించిన పొరపాటు, వేరే గోడౌన్ పేరు వెతకండి. దొరికితే అక్కడే దిద్దండి. రిటర్నులు దాఖలైన నెల అయితే ఆడిటర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. ఎంత వెతికినా దొరకనప్పుడే, బిల్లింగ్ ఆపి బస్తాలు లెక్కపెట్టి Physical Stock వోచర్‌లో ఆ సంఖ్య వేయాలి. అది నేటి నిల్వను సరిచేస్తుంది, వెనకటి తప్పు ధరను కాదు.

మైనస్ పడకుండా ఉండాలంటే బిల్లు కోసం ఆగకుండా, లారీ దిగగానే Receipt Note వేయాలి. తర్వాత కొనుగోలు బిల్లును ఆ నోట్‌కు ముడిపెట్టి ఎక్కించాలి, లేకుంటే సరుకు రెండుసార్లు ఎక్కుతుంది.

మైనస్ వస్తే బిల్లే పడకుండా ఆపే ఏర్పాటు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది. దిగుమతి వెంటనే ఎక్కే కొట్టులో అది మంచిదే. ఎక్కని కొట్టులో మాత్రం కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే కుర్రాడు వేరే సరుకు పేరుతో బిల్లు కొట్టేస్తాడు, తప్పు ఇంకా లోతుకు పోతుంది. అలాంటి చోట ముందు లారీ దగ్గర రాత అలవాటు చేయండి, తర్వాతే తాళం వేయండి. అప్పటిదాకా రోజూ కొట్టు కట్టేసే ముందు మైనస్ జాబితా చూడండి. ఆ రోజు తప్పు ఆ రోజే అయితే ఎవరు ఏ బస్తా ఎవరికి ఇచ్చారో అందరికీ గుర్తుంటుంది.