పాత స్నీకర్ అసలుదో నకిలీదో ఫొటోలో తేలాలంటే

2015లో వచ్చిన ఎయిర్ జోర్డన్ 1 'చికాగో' జతను ఎవరో అమ్ముతున్నారనుకుందాం. చాలామంది షూ అందంగా కనిపించేలా పక్కనుంచి ఒక ఫొటో పంపి ఊరుకుంటారు. పరీక్షించేవారికి దానితో పెద్దగా పని లేదు, నకిలీలు కూడా అక్కడ బాగానే ఉంటాయి.

ముందు అడగాల్సింది షూ లోపలి సైజు లేబుల్. ఫ్రేమ్ నిండా, ప్రతి అక్షరం చదవగలిగేలా, రెండు షూలవీ విడివిడిగా తీయాలి. చికాగో కోడ్ 555088-101. లేబుల్ మీద 555088-001 ఉంటే అది 2016 నాటి 'బ్రెడ్' రంగుల కోడ్, ఇక ఆ జతను వదిలేయొచ్చు. కోడ్ సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, దాన్ని నకిలీవాళ్లూ అచ్చేస్తారు. అందుకే అక్షరాల మందం, వాటి మధ్య ఎడం చూస్తారు.

తర్వాత ఇన్‌సోల్ పైకి తీసి, దాని అడుగు భాగాన్నీ కింది కుట్టునూ తీయాలి. వాడిన షూలో పైభాగం అరిగి మారిపోయినా ఈ కుట్టు చాలావరకు అలాగే ఉంటుంది. కాకపోతే ఇన్‌సోల్ మార్చి ఉండొచ్చు, అమ్మేవారిని అడగండి.

రెండు మడమలూ పక్కపక్కన పెట్టి, కెమెరాను నేలమట్టానికి దించి వెనకనుంచి ఒకటి తీయాలి. చీలమండ దగ్గరి రెక్కల గుర్తుకు ఎదురుగా నిలిచి మరొకటి. ఫ్లాష్, ఫిల్టర్ వద్దు, తోలు గరుకు చదునైపోతుంది. కిటికీ పక్క పగటి వెలుతురు చాలు.