గ్రూపు దాటి పర్సనల్‌కు.. అడిగాకే!

మస్కట్‌లో వారాంతపు క్రికెట్ ఆడే మనవాళ్లకు వాట్సాప్ గ్రూపే రచ్చబండ. అందులో అందరి నంబర్లూ కనిపిస్తాయి. కానీ అవి ఆట కోసం ఇచ్చినవి.

ఒకరు పాత బ్యాట్ అమ్ముతామన్నారనుకోండి. ‘ధర గురించి పర్సనల్‌గా మెసేజ్ చేయొచ్చా అండీ?’ అని ముందు గ్రూపులోనే అడగాలి. సరేనన్నాక పేరు, ఏ గ్రూపు, ఏం పని అన్నీ మొదటి మెసేజ్‌లోనే రాయాలి. తెలియని నంబరు నుంచి ఉత్త ‘హాయ్’ వస్తే, ముఖ్యంగా ఆడవాళ్లకు, చిరాకే. అవతలివారు ఒమానీ లేదా పాకిస్థానీ ముస్లిం అయితే శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ ఆగడం మేలు.

నీలి టిక్కులు పడినా జవాబు రాలేదా? వదిలేయండి. గ్రూపులో నిలదీయొద్దు. బేరం కుదిరితే మాత్రం ‘బ్యాట్ నేను తీసుకున్నా’ అని అక్కడ ఒక ముక్క రాస్తే, మిగతావారు ఆయన్ని అడగడం మానేస్తారు.