మూడు రోజులు ప్రకటనలు ఆపుదామండీ

“బాబూ, నీ లెక్కలో నిన్న నలభై ఆర్డర్లు అంటున్నావు. కొరియర్ కుర్రాడు పట్టుకెళ్లింది ఎనిమిది పార్సిళ్లు. మిగతా ముప్ఫై రెండూ ఎక్కడికి పోయినట్టు?”

మే నెల, కొత్తావకాయ రోజులు. ఫోన్ చేసినావిడ విజయవాడలో పచ్చళ్లు పెట్టించి వెబ్‌సైట్‌లో అమ్ముతారు. ఆమె తరఫున గూగుల్‌లో ప్రకటనలు నడిపేది నేను. ఆ శుక్రవారం పొద్దున ఆమె అడిగిన ప్రశ్న నిజానికి నేనే బుధవారం అడగాల్సింది. తెరమీద అంకె పెరుగుతుంటే ఎవరికైనా అనుమానం రాదు, తగ్గితేనే వస్తుంది. నాకూ అంతే.

ఆర్డరు వచ్చిందని ప్రకటనల వ్యవస్థకు దానంతటదే తెలియదు. డబ్బు కట్టాక కొనుగోలుదారుకు “ధన్యవాదాలు, మీ ఆర్డరు అందింది” అనే పేజీ కనిపిస్తుంది కదా, ఆ పేజీ తెరుచుకోగానే ట్యాగ్ అనే చిన్న కోడ్ ముక్క కబురు పంపుతుంది. దీన్నే మేము ట్రాకింగ్ అంటాం. ఆ పేజీ చిరునామాలో `/order-received` అని ఉంటుంది. మూడేళ్ల కిందట నేను ట్యాగ్‌కి పెట్టిన షరతు మాత్రం ఇంకా వదులుగా ఉంది: చిరునామాలో `order` అన్న మాట ఎక్కడున్నా కబురు పంపు అని. ఇన్నాళ్లూ ఆ మాట ఉన్న పేజీ ఒక్కటే కాబట్టి ఇబ్బంది రాలేదు.

మంగళవారం వెబ్‌సైట్ కుర్రాడు డబ్బు కట్టే ముందు ఒక కొత్త పేజీ చేర్చాడు. సరుకు, బరువు, కొరియర్ ఖర్చు అన్నీ ఒకచోట చూపించే మంచి పేజీయే. దాని చిరునామా `/order-summary`. ఇంకేముంది, కొరియర్ ఖర్చు చూసి వెనక్కి వెళ్లిపోయినవాళ్లు కూడా కొన్నవాళ్ల కింద లెక్కలోకి వచ్చేశారు. పేజీ రెండోసారి తెరిస్తే రెండో ఆర్డరు.

లెక్క తప్పడం వరకే అయితే ప్రకటనలు ఆపమని ఉత్తరం రాసేవాణ్ని కాదు. తప్పు దిద్దుకుని క్షమాపణ చెప్పుకుంటే సరిపోయేది. కానీ ఇప్పుడు ఏ ప్రకటనకు ఎంత పాడాలో ప్రతి వేలంలోనూ యంత్రమే నిర్ణయిస్తుంది. ఒక ఆర్డరు తేవడానికి ₹200 దాకా పెట్టవచ్చని మేము దానికి చెప్పాం. ఎవరు కొంటున్నారో చూసి అలాంటివాళ్లనే వెతకడం దాని పని. మంగళవారం నుంచి దానికి కొత్త రకం “కొనుగోలుదార్లు” బోలెడుమంది కనిపించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉన్నవాళ్లు. రెండు కిలోల ఆవకాయకు కొరియర్ ఎంతవుతుందో చూసి, గుండె పట్టుకుని కిటికీ మూసేసినవాళ్లు. యంత్రం మాత్రం వాళ్లను మహరాజ పోషకులనుకుంది. అక్కడి క్లిక్కు ఇక్కడిదానికన్నా ఖరీదైనా, ఆర్డరు చవగ్గానే వస్తున్నట్టు కనపడటంతో ఇంకా పెంచి పాడింది. రోజుకు పెట్టే ₹3,000లో విజయవాడ, హైదరాబాద్ వాళ్లకు చేరే వాటా రోజురోజుకూ తగ్గింది.

ఆమె రిజిస్టరు పక్కన నా తెర పెట్టి చూస్తే వరస అర్థమైంది. మంగళవారం తెరమీద 29, రిజిస్టరులో 12. బుధవారం 34, 10. గురువారం 40, 8. అసలు ఆర్డర్లు తగ్గేకొద్దీ తెరమీద అంకె పెరుగుతోంది. మామూలుగా తెర అంకె రిజిస్టరుకన్నా తక్కువే ఉండాలి, ఎందుకంటే ప్రకటన చూడకుండా నేరుగా వచ్చే పాత ఖాతాదారులు రిజిస్టరులో ఉంటారు, తెరమీద ఉండరు. తెర రిజిస్టరును దాటిందంటే ఎక్కడో ఏదో తెగిందని అర్థం. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, కొరియర్ పార్సిళ్లు లెక్కపెట్టడం వస్తే చాలు.

ఆ సాయంత్రం ఉత్తరం రాశాను. ఫోన్‌లో చెప్పవచ్చు గానీ, డబ్బు సంగతి కాగితం మీద ఉండటం ఇద్దరికీ మంచిది. మొదటి వాక్యంలోనే విషయం పెట్టాను:

“నమస్కారమండీ. శని, ఆది, సోమవారాలు ప్రకటనలు ఆపుదామని నా సలహా. మంగళవారం పొద్దున మళ్లీ మొదలుపెడతాం. ఆర్డర్ల లెక్క తప్పుతోంది. తప్పు మీ వెబ్‌సైట్ కుర్రాడిది కాదు, నేను మూడేళ్ల కిందట పెట్టిన షరతుది.

ఇదివరకు రోజుకు ₹3,000 ఖర్చుకు 15 ఆర్డర్లు వచ్చేవి, ఒక్కోదానికి ₹200. మీకు ఒక్కో ఆర్డరు మీద మిగిలేది ₹280 కాబట్టి రోజుకు ₹1,200 లాభం. గురువారం వచ్చినవి 8, అంటే ఒక్కోదానికి ₹375. ఆ రోజు ప్రకటనల మీద ₹760 నష్టం. ఇలాగే నడిపితే మూడు రోజుల్లో ₹2,280 పోతుంది, యంత్రం ఇంకాస్త దారి తప్పుతుంది. ఆపితే వారాంతం అమ్మకాలు కొన్ని పోతాయి, అది నిజమే. నా ఫీజు ఖర్చులో పదో వంతు కాబట్టి అదీ ఆ మేరకు తగ్గుతుంది.”

పది నిమిషాల్లో ఫోన్. “ఆవకాయ రోజుల్లో ఆపమంటావేంటి బాబూ? షరతు మార్చడానికి మూడు రోజులెందుకు?”

న్యాయమైన ప్రశ్న. షరతు మార్చడం పది నిమిషాల పనే. కానీ పేజీ రెండుసార్లు తెరిచినా ఒకే ఆర్డరుగా లెక్క పడాలంటే ట్యాగ్‌తో పాటు ఆర్డరు నంబరు కూడా వెళ్లాలి. దాన్ని మా భాషలో `transaction_id` అంటాం. ఆ పని కుర్రాడు చెయ్యాలి. తర్వాత నిజంగా డబ్బు కట్టి పరీక్షించాలి. ఆ ఆర్డరు ప్రకటనల లెక్కలో కనపడటానికి ఒక్కోసారి ఒక రోజు దాకా పడుతుంది.

“పోనీ తప్పు లెక్క ఒక్కటే ఆపేసి ప్రకటనలు నడిపించు,” అన్నారు. అప్పుడు యంత్రానికి ఏ కబురూ అందదు. కళ్లకు గంతలు కట్టి బజారుకు పంపినట్టే. ఆమె దుకాణం పేరే టైప్ చేసి వెతికేవాళ్లకు చూపించే చిన్న ప్రకటన ఒకటుంది. దానికి ధర నేనే చేత్తో పెడతాను, యంత్రం ప్రమేయం లేదు. దాన్ని మాత్రం ఉంచాం. మిగతావి ఆపడానికి ఒప్పుకున్నారు, “మూడంటే మూడే” అని గట్టిగా చెప్పి. వారాల తరబడి ఆపడం నాకూ ఇష్టం లేదు, యంత్రం నేర్చుకున్నది పాతబడిపోతుంది.

ఇందులో చాలామంది మరిచిపోయే పని ఇంకొకటుంది. షరతు దిద్దినా, యంత్రం బుర్రలో ఆ నాలుగు రోజుల తప్పు పాఠం అలాగే ఉంటుంది. ఫలానా తేదీల లెక్క పట్టించుకోవద్దని చెప్పడానికి గూగుల్ ప్రకటనల ఖాతాలో డేటా ఎక్స్‌క్లూజన్ అనే సదుపాయం ఉంది. తేదీలు ఎంచుకోవడంలోనే కిటుకు. అక్కడ చూసేది క్లిక్ జరిగిన రోజు, ఆర్డరు వచ్చిన రోజు కాదు. మా పచ్చళ్లకు ఆదివారం క్లిక్ చేసి మంగళవారం కొనేవాళ్లున్నారు. అందుకని మంగళవారం నుంచి కాకుండా ఆదివారం నుంచి శుక్రవారం దాకా పక్కన పెట్టించాను. రిపోర్టులో మాత్రం ఆ దొంగ ఆర్డర్లు అలాగే కనిపిస్తాయి. అందుకే నెలాఖరు లెక్క చూసి మురిసిపోవద్దని ఉత్తరం కింద ఒక వాక్యం రాశాను.

ఆదివారం పరీక్ష. మొదట బండి నిండా సరుకు వేసి కొరియర్ ఖర్చు పేజీ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ట్యాగ్ కదల్లేదు. తర్వాత పావు కిలో గోంగూర పచ్చడికి యూపీఐలో డబ్బు కట్టాను. ట్యాగ్ ఒక్కసారి కబురు పంపింది. ధన్యవాదాల పేజీని మూడుసార్లు మళ్లీ తెరిచాను. సోమవారం సాయంత్రానికి లెక్కలో ఒక్క ఆర్డరే ఉంది.

మంగళవారం మళ్లీ మొదలుపెట్టాం. బుధవారం రాత్రి ఆమె ఫోన్ చేసి తెరమీద ఎంతుందని అడిగారు. తొమ్మిది అన్నాను. “రిజిస్టరులో పదకొండు,” అన్నారు. తెర వెనకపడినందుకు నేను సంతోషించిన రోజు అదే. గోంగూర డబ్బు వాపసు ఇవ్వమని అడిగితే, సీసా కొరియర్‌లో వేసేశామన్నారు.