దోమ లార్వా నియంత్రణ: నీటి స్వభావాన్ని బట్టి మందు ఎంపిక

విశాఖపట్నంలో దోమలు పెరిగే నీరు అన్నిచోట్లా ఒకే విధంగా ఉండదు. ఇంటి సిమెంటు తొట్టెలోను, ఓడరేవు పరిసరాల్లో వాన నీరు నిలిచిన పాత టైర్లలోను డెంగీ వాహకమైన ఏడిస్ ఈజిప్టై పెరుగుతుంది. మేడమీది మూతలేని ట్యాంకు పట్టణ మలేరియా వాహకమైన అనాఫిలిస్ స్టెఫెన్సైకి అనుకూలం. మురుగు కాలువల్లో బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్ వృద్ధి చెందుతుంది. ఈ నీళ్లన్నిటికీ ఒకే మందు, ఒకే మోతాదు వాడడం వల్లనే లార్వా నియంత్రణ తరచుగా విఫలమవుతుంది.

తాగునీటి తొట్టెను ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడ టెమిఫాస్ 1 శాతం గుళికలు వాడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మోతాదు లీటరు నీటికి 1 మిల్లీగ్రాము క్రియాశీల పదార్థం. అంటే 100 లీటర్లకు 10 గ్రాముల గుళికలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 80 సెంటీమీటర్ల లోతు గల తొట్టెలో 800 లీటర్లు పడతాయి కనుక 80 గ్రాములు అవసరం. సందర్శన సమయంలో తొట్టె సగమే నిండి ఉన్నా, పూర్తి సామర్థ్యానికే మోతాదు లెక్కించాలి. సగం నీటికి వేసిన మందు మరునాడు తొట్టె నిండగానే సగం గాఢతకు పడిపోతుంది. ఇంటివారు తొట్టెను కడిగితే అడుగున ఉన్న గుళికలు కొట్టుకుపోతాయి. అప్పుడు మళ్లీ వేయాలి.

అయితే ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, తొట్టె గోడకు అంటుకొని ఉంటాయి. తడి లేకున్నా అవి నెలల తరబడి జీవించి, నీరు తగలగానే పొదగబడతాయి. కాబట్టి రాష్ట్రంలో శుక్రవారం పాటించే ‘డ్రై డే’ నాడు నీటిని పారబోయడం ఒక్కటే చాలదు. గోడలను పీచుతో రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమ వెలువడడానికి సాధారణంగా 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికొకసారి అన్న నియమానికి ఆధారం ఇదే. ఓడరేవు టైర్ల విషయంలో మందు కన్నా వాటిని తొలగించడం లేదా కప్పి ఉంచడమే మేలు. ఓడరేవు కార్యకలాపాలు జరిగే స్థలాల చుట్టూ కనీసం 400 మీటర్ల వరకు వాహక నియంత్రణ ఉండాలని 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

మురుగు కాలువలో పరిస్థితి వేరు. సేంద్రియ పదార్థం టెమిఫాస్‌ను పీల్చుకొని దాని ప్రభావకాలాన్ని తగ్గిస్తుంది. ఇక్కడ బాసిల్లస్ స్ఫెరికస్ అనే బాక్టీరియా క్యూలెక్స్ లార్వాలపై బాగా పనిచేస్తుంది, కాని అదే మందు తొట్టెలోని ఏడిస్‌పై దాదాపుగా పనిచేయదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్, అంటే బి.టి.ఐ., రెండింటిపైనా పనిచేస్తుంది. ఈ బాక్టీరియా మందులను లార్వా మింగితేనే ఫలితం ఉంటుంది. ప్యూపా ఆహారం తీసుకోదు కనుక దానిపై ఇవి పనిచేయవు. ప్యూపాలు ఎక్కువగా కనిపించిన కాలువలో నీటి ఉపరితలంపై పొరగా పరుచుకొని శ్వాసను అడ్డుకునే లార్వానాశక నూనె అవసరం.

డైఫ్లూబెంజురాన్, పైరిప్రాక్సిఫెన్ వంటి కీటక వృద్ధి నియంత్రకాలను అంచనా వేయడంలో ఒక పొరపాటు జరుగుతుంది. ఇవి వాడిన నీటిలో లార్వాలు కొన్నాళ్లు బతికే ఉండవచ్చు. వాటిని చూసి మందు పనిచేయలేదని తేల్చకూడదు. ఆ నీటి నుంచి లార్వాలను, ప్యూపాలను పాత్రలో సేకరించి, వాటిలో ఎన్ని దోమలుగా వెలువడ్డాయో లెక్కించాలి. ఆ సంఖ్యే ఫలితానికి కొలమానం.

టెమిఫాస్ వేసినా లార్వాలు బతికి ఉంటే మొదట మోతాదును, తరువాత తొట్టెను కడిగారా అన్న విషయాన్ని విచారించాలి. ఆ రెండూ సరిగా ఉన్నప్పుడే నిరోధకతను అనుమానించాలి. లార్వాలను నిర్ధారక గాఢత గల మందు నీటిలో 24 గంటలు ఉంచి పరీక్షించినప్పుడు, 98 శాతం లేదా అంతకు మించి మరణిస్తే అవి మందుకు లొంగేవి. 90 శాతం కన్నా తక్కువ మరణిస్తే నిరోధకత ఉన్నట్లు. ఈ రెంటి మధ్య ఉంటే పరీక్షను మళ్లీ చేయాలి.

పంటల పురుగుమందులు తెలిసిన విస్తరణ శాస్త్రవేత్తలకు ఇక్కడ ఒక హెచ్చరిక సులభంగా అర్థమవుతుంది. తొట్టెలో వేసే టెమిఫాస్, వీధిలో పొగగా వదిలే మలాథియాన్ రెండూ ఆర్గానోఫాస్ఫేట్లే. రెండూ ఎసిటైల్ కోలినెస్టరేజ్ ఎంజైముపైనే పనిచేస్తాయి. పేర్లు వేరైనా ఒకే జనాభాపై, లార్వా దశలోను దోమ దశలోను, ఒకే ఎంపిక ఒత్తిడి పడుతుంది. అలాగే దోమతెరలకు, గోడలపై పిచికారీకి పైరిత్రాయిడ్లు వాడే చోట వాటిని లార్వా నియంత్రణకు వాడకూడదు; చేపలకు సైతం అవి అత్యంత విషపూరితం. లార్వాకు బి.టి.ఐ. లేదా వృద్ధి నియంత్రకం, వ్యాధి ప్రబలినప్పుడు మాత్రమే దోమలకు మలాథియాన్ పొగ అన్న విభజన ఉంటే ఈ ఒత్తిడి తగ్గుతుంది. పొగ ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది. తొట్టెలోని ప్యూపాలు మరి రెండు మూడు రోజుల్లో కొత్త దోమలుగా బయటికి వస్తాయి.