పాత మిషన్ అమ్మితే లాభమా, నష్టమా?

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. 2018 మే నెలలో ఆ మిల్లువాళ్లు 30 లక్షలు పెట్టి సార్టెక్స్ కొన్నారు. బియ్యంలోంచి నల్ల గింజనూ, రంగు మారిన గింజనూ ఏరేసే యంత్రం అది. 2024 జూలైలో దాన్ని 9 లక్షలకు మరో మిల్లరుకు అమ్మేశారు. కొన్నప్పటి నుంచి ఏటా 15 శాతం చొప్పున తరుగుదల తీసేస్తూ వస్తే, అమ్మేనాటికి దాని విలువ 11 లక్షల 31 వేల దగ్గర తేలుతుంది. వచ్చింది తొమ్మిదే కనుక 2 లక్షల 31 వేలు పోయినట్టు. గుమస్తా కూడా ఖాతాల్లో అలాగే రాశాడు. లాభనష్టాల పట్టీలో ‘యంత్రం అమ్మకంపై నష్టం’ అని ఒక పద్దు వచ్చి కూర్చుంది.

ఆదాయపు పన్ను లెక్క కట్టేటప్పుడు ఆడిటర్ ముందుగా ఆ పద్దును పట్టుకుని నష్టాన్ని తిరిగి లాభంలో కలిపేస్తాడు. మిల్లు యజమానికి ఒళ్లు మండుతుంది. “చేతి డబ్బు పోయింది కదండీ, నష్టం కాదంటారేమిటి?” అంటాడు. ఖాతాల వరకు ఆయన మాట నిజమే. అయితే పన్ను చట్టం ఆ సార్టెక్స్‌ను విడిగా చూడటం ఎప్పుడో మానేసింది. కొన్న ఏడాదే అది ‘బ్లాక్’లో కలిసిపోయింది.

బ్లాక్ అంటే ఒకే తరగతికి చెంది, ఒకే తరుగుదల రేటు ఉన్న ఆస్తులన్నీ కలిపిన మొత్తం. మిల్లులో బాయిలర్, డ్రయ్యర్, పాలిషర్, ఎలివేటర్లు, సార్టెక్స్ అన్నీ 15 శాతం యంత్రాలే, కాబట్టి అన్నిటికీ కలిపి ఒకటే లెక్క. కంప్యూటర్లకు 40 శాతం గనుక వాటిది వేరే బ్లాక్. ఫర్నిచర్‌ది 10 శాతం, అది ఇంకొకటి. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, వ్యాపారం పేరున కొన్న కారు కూడా సాధారణంగా 15 శాతం యంత్రాల బ్లాక్‌లోనే ఉంటుంది. సొంత సరుకు తోలుకునే లారీదీ అదే దారి. అదే లారీని కిరాయికి తిప్పే వ్యాపారమైతే రేటు 30 శాతం, అప్పుడు బ్లాక్ మారిపోతుంది. ఇలా కలిసిన ఆస్తులు గాదెలో పోసిన వడ్ల లాంటివి. ఎంత పోశామో, ఎంత తీశామో లెక్క ఉంటుంది గానీ, తీసిన బస్తా ఏ పొలం పంటో ఎవరూ అడగరు.

1988 వరకు ఇలా లేదు. ప్రతి యంత్రానికీ విడిగా ఖాతా ఉండేది. తరుగు పోగా మిగిలిన విలువ కంటే ఎక్కువకు అమ్మితే, కొన్న ధర దాకా ఉన్న తేడాను ఆ ఏడాదే వ్యాపార ఆదాయం కింద లెక్కవేసి పన్ను వేసేవారు. తక్కువకు అమ్మితే ఆ నష్టాన్ని ఆ ఏడాదే ఖర్చుగా ఒప్పుకునేవారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వందల యంత్రాలున్న ఫ్యాక్టరీలో ప్రతిదానికీ కొన్న తేదీ, ధర, ఏటేటా తీసిన తరుగుదల ఏళ్ల తరబడి రాసిపెట్టుకోవాలి, అధికారి వాటన్నిటినీ సరిచూడాలి. ఈ తలనొప్పి వదిలించుకోవడానికే 1986లో చట్టం సవరించి, 1988-89 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి బ్లాక్ పద్ధతి తెచ్చారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ బ్లాక్ ఆలోచన అలాగే ఉంది.

ఇప్పుడు మన మిల్లు లెక్క చూద్దాం. 2024 ఏప్రిల్ 1 నాటికి 15 శాతం బ్లాక్ విలువ 40 లక్షలు. పాత సార్టెక్స్ తాలూకు 11 లక్షల 31 వేలూ అందులో భాగమే. అమ్మగా వచ్చిన 9 లక్షలను ఈ 40 నుంచి తీసేస్తారు. 11.31 తీయరు, తొమ్మిదే తీస్తారు. కిటుకంతా ఇక్కడే ఉంది. మిగిలిన 31 లక్షల మీద 15 శాతం, అంటే 4 లక్షల 65 వేలు ఆ ఏడాది తరుగుదల. యంత్రం వెళ్లిపోయింది గానీ, దాని తాలూకు 2 లక్షల 31 వేలు బ్లాక్‌లోనే ఉండిపోయాయి. మిగతా యంత్రాలతో పాటు వాటి మీదా ఏటా తరుగుదల వస్తుంది.

కాబట్టి నష్టం పోలేదు, నెమ్మదిగా వస్తోంది. ఎంత నెమ్మది అంటే, మొదటి ఏడాది ఆ 2.31 లక్షల్లో దాదాపు 35 వేలే ఖర్చుగా దక్కుతుంది. అయిదేళ్లు గడిచినా ఇంకా లక్ష పైచిలుకు బ్లాక్‌లోనే మిగిలి ఉంటుంది. లాభం వచ్చినా ఇదే తీరు. అదే సార్టెక్స్ 14 లక్షలకు అమ్ముడుపోయి ఉంటే, 2 లక్షల 69 వేల లాభంపై ఆ ఏడాది పన్ను పడేది కాదు. బ్లాక్ ఆ మేరకు తగ్గి, ముందుముందు తరుగుదల తగ్గేది. లాభమైనా నష్టమైనా బ్లాక్ మింగేసి, ఏళ్ల మీద కక్కుతుంది. ఖాతాల్లో నష్టం రాసుకున్నవాళ్లు రిటర్నులో దాన్ని తిరిగి కలపడం మరిచిపోతే ఒకే సొమ్ముకు రెండుసార్లు మినహాయింపు తీసుకున్నట్టవుతుంది. నోటీసు వస్తే జవాబుండదు. ఖాతాల్లో లాభం రాసినవాళ్లు దాన్ని తీసేయకపోతే అవసరం లేని పన్ను కడతారు. ఈ రెండోదాన్ని ఎవరూ పిలిచి చెప్పరు.

పాతది పోయాక కొత్త సార్టెక్స్ కావాలి కదా. అదే ఏడాది 45 లక్షలకు కొన్నారనుకుందాం. అదీ ఈ బ్లాక్‌లోకే వస్తుంది. అక్టోబరు 3లోపు బిగించి నడిపితే మార్చి 31 నాటికి 180 రోజులు నిండుతాయి, పూర్తి 15 శాతం దొరుకుతుంది. డిసెంబరులో బిగిస్తే ఆ ఏడాదికి సగమే. 45 లక్షల మీద ఈ తేడా 3 లక్షల 37 వేల పైనే. వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో గనుక, సీజన్ ముందే బిగించినవాళ్లకు ఈ లాభం కలిసొస్తుంది.

ఇంతవరకూ బ్లాక్ నోరు విప్పలేదు. అది లాభమనో నష్టమనో బయటపెట్టే సందర్భాలు రెండే ఉన్నాయి.

మొదటిది, అమ్మిన సొమ్ము బ్లాక్ మొత్తాన్నే దాటిపోవడం. ఇరవై ఏళ్ల నాటి ఇంకో మిల్లు అనుకోండి. తరుగుదల తీసీ తీసీ బ్లాక్ 6 లక్షలకు దిగింది. పాత బాయిలర్, డ్రయ్యర్ కలిపి 9 లక్షలకు పోయాయి. మిగతా యంత్రాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. తీయడానికి బ్లాక్‌లో ఉన్నది ఆరే, మిగిలిన 3 లక్షలూ షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్. యంత్రాన్ని ఇరవై ఏళ్లు వాడినా చట్టం దీన్ని షార్ట్ టర్మ్‌గానే చూస్తుంది. అమ్మకానికైన బ్రోకరేజీ లాంటి ఖర్చులు ఈ లెక్కలో తీసుకోవచ్చు. బ్లాక్ సున్నా అయింది గనుక, మిల్లులో ఉన్న యంత్రాల మీద ఇక రూపాయి తరుగుదల కూడా రాదు.

దీనికి మార్గం ఉంది గానీ మార్చి 31 దాటితే మూసుకుపోతుంది. ఆలోపు అదే రేటు ఉన్న యంత్రం ఏదైనా 5 లక్షలకు కొంటే 6, 5 కలిసి 11 అవుతాయి. 9 పోగా 2 లక్షలు బ్లాక్‌లో ఉంటాయి, లాభమన్నదే ఉండదు. ఈ లెక్కకు ఆ ఏడాదిలో కొంటే చాలు. దాని మీద తరుగుదల రావాలంటే మాత్రం వాడకంలోకి తేవాలి. ఏప్రిల్ మొదటి వారంలో కొన్నవాళ్లకు ఈ ఊరట లేదు.

రెండోది ఇంకా బాధాకరం. మిల్లు మూసేస్తూ యంత్రాలన్నీ అమ్మేస్తే బ్లాక్‌లో ఆస్తే మిగలదు. మళ్లీ మన మొదటి మిల్లు 40 లక్షల బ్లాక్ తీసుకుందాం. కొత్త కొనుగోళ్లేమీ లేకుండా యంత్రాలన్నిటికీ కలిపి 28 లక్షలొచ్చాయి. 12 లక్షలు మిగిలాయి గానీ తరుగుదల తీయడానికి యంత్రం లేదు. కాబట్టి అది షార్ట్ టర్మ్ క్యాపిటల్ లాస్. దీన్ని వడ్ల వ్యాపారం లాభంలోంచి తీసుకోనివ్వరు. స్థలమో షేర్లో అమ్మితే వచ్చే క్యాపిటల్ గెయిన్‌లోంచే తీసుకోవాలి. ఆ ఏడాది అలాంటి లాభం లేకపోతే తర్వాతి ఎనిమిదేళ్లలోపు వస్తే వాడుకోవచ్చు. రాకపోతే ఆ 12 లక్షలూ పోయినట్టే. యంత్రం అరగడం వ్యాపారంలో జరిగిన ఖర్చే కదా, చివరిరోజున దానికి వేరే రంగు పూయడం ఎందుకో నాకు అర్థం కాదు. నెమ్మదిగా ఇస్తానన్న నష్టాన్ని చట్టం సరిగ్గా వ్యాపారం చితికిన రోజున చేతికందకుండా చేస్తోంది.

అందుకే వ్యాపారం పూర్తిగా ఎత్తేయనివాళ్లు ఆ బ్లాక్‌లో ఒక్క ఆస్తినైనా ఉంచుకుంటారు. అదే సంస్థ మిల్లు ఆపేసి వడ్ల వ్యాపారం కొనసాగిస్తూ, ఆ వ్యాపారానికే వాడే కారును 15 శాతం బ్లాక్‌లో ఉంచుకుంటే బ్లాక్ బతికే ఉంటుంది. 12 లక్షల మీద మొదటి ఏడాది 1 లక్షా 80 వేలు తరుగుదల, అదీ వ్యాపార లాభంలోంచే. మూతపడిన యూనిట్ యంత్రాలు నడవకపోయినా, అవి బ్లాక్‌లో ఉన్నంతకాలం తరుగుదల ఆపకూడదని ఓస్వాల్ ఆగ్రో మిల్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అలాగని అసలు వ్యాపారమే లేకుండా కాగితం మీద ఒక మోటారు చూపిస్తే నిలబడదు. ఆస్తి నిజంగా ఉండాలి, వ్యాపారమూ సాగుతుండాలి.

అగ్నిప్రమాదంలో యంత్రం కాలిపోయి బీమా సొమ్ము వచ్చినా, పాత ఇనుము కింద తూకానికి వేసినా లెక్క ఇదే. వచ్చిన సొమ్మును బ్లాక్‌లోంచి తీసేస్తారు.

కాబట్టి పాత యంత్రానికి బేరం కుదరగానే అడ్వాన్సు పుచ్చుకోకండి. ముందు మీ ఆడిటర్‌కు ఫోన్ చేసి ఏప్రిల్ 1 నాటికి ఆ బ్లాక్ విలువ ఎంతో, అందులో ఇంకా ఏమేమి ఉన్నాయో అడగండి. పోయిన ఏడాది రిటర్నులోని తరుగుదల పట్టికలో ఆ అంకె ఉంటుంది.